షాపు పేరుతో ఒక మనిషి

జర్మనీలో మ్యూనిక్ పక్కనున్న ఉంటర్‌ఫ్యోరింగ్ ఆఫీసులకు నడిచి వెళ్ళేంత దూరంలో మా ఆవిడకు ఒక కిరాణా షాపు ఉంది. షాపు ఆమెది, లెక్కలు నావి. పగలు నేనొక గోడౌన్‌లో పనిచేస్తాను, సాయంత్రం వచ్చి స్టాకు చూస్తాను. కామర్స్ చదివినవాణ్ణి కాను. ఏ సరుకు ఎన్ని రోజుల్లో కదులుతుంది, ఏది అరలో ఉండి పురుగుపడుతుంది అన్నది చూసి చూసి నేర్చుకున్నాను. ఇడ్లీ రవ్వ ఎప్పుడు అయిపోతుందో నేను చెబితే ఒకరోజు అటూ ఇటూగా అప్పుడే అయిపోతుంది. అందుకే ఆ ఏడాది గోంగూర విషయంలో లెక్క ఎక్కడా తప్పకపోయినా పని మొత్తం చెడిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా ఆవిడ పేరు షాపుకొచ్చేవాళ్ళలో ఎవరికీ తెలియదు. అందరికీ అక్క. ఫోనులో షాపు పేరు రాసి పక్కన అక్క అని సేవ్ చేసుకుంటారు. నన్ను బావగారూ అంటారు. ఇందులో వింతేమీ లేదు. మా ఊళ్ళోనూ సైకిల్ షాపు బాబాయి, మందుల షాపు పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. ఆ బాబాయి అసలు పేరేమిటో ఈరోజు నన్ను నిలదీసి అడిగినా చెప్పలేను.

షాపు తెరిచిన కొత్తలో మా ఆవిడ ఉద్యోగస్తుల నెట్‌వర్కింగ్ సైటులో చేరింది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు, ఉద్యోగం పోతుందేమోనని బెంగపడేవాళ్ళు, ఇద్దరూ రోజుకోసారి తొంగిచూసే సైటు అది. బ్లూ కార్డు ఉద్యోగ వీసా మీద వచ్చిన మనవాళ్ళలో ఆ సైటులో లేనివాళ్ళు లేరు. వాట్సాప్ గ్రూపులో పాత ముఖాలే ఉంటాయి. నిన్న హైదరాబాదు నుంచి దిగి, ఇంకా ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, కూడా చేయించుకోని మనిషి ముందు కనబడేది ఆ సైటులోనే. చేరేటప్పుడు సైటు మొదటి పేరు, చివరి పేరు అడిగింది. మా షాపు పేరులో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి అక్కడ, రెండోది ఇక్కడ రాసేసింది. ఫొటోకు షాపు బోర్డు పెట్టింది. ఆమెకది అబద్ధం అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

తప్పని ముందుగా చెప్పింది మా షాపుకు శుక్రవారం శుక్రవారం వచ్చే ఒక తెలంగాణ తమ్ముడు. ఆఫీసులో ప్రాజెక్టు మేనేజరు. బిల్లు కట్టేలోపు నాలుగు సలహాలు చెప్పకుండా వెళ్ళడు.

"అక్కా, గిది మనిషి పేరు కాదు గదా. ప్రొఫైల్ అంటే మనిషికి. దుకాణానికి కంపెనీ పేజీ ఉంటది. అది తెరవున్రి."

"పేజీ పెడితే నేను ఎవరికైనా రిక్వెస్టు పంపొచ్చా?" అంది మా ఆవిడ.

"పంపరాదు. ఆళ్ళే వచ్చి ఫాలో కావాలె."

"నేను ముందుగా మెసేజ్ పెట్టొచ్చా?"

"పేజీ ముందుగాల మెసేజ్ పెట్టదక్కా. ఆళ్ళు రాస్తే జవాబియ్యొచ్చు."

"మరెందుకయ్యా అది? కొట్టు ముందు నుంచోబెట్టిన బొమ్మలాగా."

"రూల్ గట్లుంది మరి. రేపు మీ అకౌంట్ బంద్ చేస్తే నన్ను అనొద్దు."

"నీ నోటికి దణ్ణం పెడతాను, పెరుగు మర్చిపోతున్నావు, తీసుకెళ్ళు," అంది.

ఆమె మాటలో న్యాయం ఉందని నాకప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. పేజీ అంటే బోర్డు. కొత్త షాపుకు కావలసింది బోర్డు కంటే ముందు, వెళ్ళి తలుపు తట్టే మనిషి. రెండేళ్ళలో ఆమె ఆ ప్రొఫైల్‌తో వెయ్యిమందికి పైగా పరిచయం చేసుకుంది. ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళు, నెదర్లాండ్స్ నుంచి బియ్యం తెప్పించే హోల్‌సేలు మనిషి, దగ్గర్లోని ఒక ఆఫీసు క్యాంటీనుకు కొనుగోళ్ళు చూసే జర్మన్ ఆవిడ, అందరూ అలా దొరికినవాళ్ళే.

తోటమాలి కూడా అలాగే దొరికాడు. మ్యూనిక్‌కు ఉత్తరాన గ్రీన్‌హౌసుల్లో కూరగాయలు పండించే పెద్దాయన. ఆయన కొడుకు బలవంతం మీద సైటులో చేరాడట. మా ఆవిడ రిక్వెస్టు పంపి, కింద నాలుగు ముక్కలు రాసింది: మా ఊరి పుల్లాకు ఒకటి ఉంది, విత్తనాలు ఇస్తాను, వేసి చూస్తారా అని. ఆయన షాపుకొచ్చి విత్తనాలు తీసుకెళ్ళాడు. ఆ వేసవిలో ఆరు మొక్కలు పెంచాడు. ఆగస్టులో మేము వెళ్ళి చూస్తే గోంగూర నడుము దాకా ఎదిగి ఉంది. మా ఆవిడ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని కాసేపు అటు తిరిగి నుంచుంది. ఎనిమిదేళ్ళుగా మేము తినేది ఫ్రీజరు పొట్లాల్లోని గోంగూర. విమానంలో వచ్చే పచ్చి ఆకు ఎప్పుడో ఒకసారి, అదీ సగం నల్లబడి.

పెద్దాయన లెక్క మనిషి. అందుకే నాకు నచ్చాడు. వచ్చే ఏడాది ఒక గ్రీన్‌హౌసు మొత్తం దీనికిస్తాను, కానీ వారానికి తొంభై కట్టలు పోవాలి అన్నాడు. అంతకు తక్కువైతే ఆయనకు గిట్టదు. ఈస్టర్ లోపు చెప్పమన్నాడు. ఆ తర్వాత ఆ చోట్లో ఎప్పటిలా వేరే పంట నాటుకోవాలి.

నేను లెక్క వేశాను. క్యాంటీనులో వారానికోరోజు ఇండియన్ భోజనం పెడతారు. అక్కడ వండేది మనవాడే కావడంతో గోంగూర పప్పు అంటే ఎగిరి గంతేశాడట. వాళ్ళు ఇరవైఐదు కట్టలు తీసుకుంటామని కొనుగోళ్ళావిడ మెసేజ్‌లో రాసింది, ఖాయం చేయడానికి మార్చిలో మాట్లాడదాం అంది. మా షాపుకు మామూలుగా వచ్చే ఇళ్ళు, వాట్సాప్ గ్రూపు, అన్నీ కలిపి అడిగితే ముప్ఫైఎనిమిది. ఇంకా ఇరవైఏడు కావాలి. ఆ ఇరవైఏడు కొత్తవాళ్ళ నుంచి రావాలి.

మా ఆవిడ పని మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఆఫీసుల్లో మన పేర్లు కనబడిన ప్రతివాళ్ళకూ రిక్వెస్టు, కింద ఒకే మాట: "తాజా గోంగూర, మే నెల నుంచి, వారానికి ఎన్ని కట్టలు కావాలో చెప్పండి." ఒక వారంలో రెండువందల దాకా పంపింది. జవాబులు రావడం మొదలైంది. ఆమె వంట చేస్తూ నాకు చదివి వినిపించేది. "ఒకాయన మూడు కట్టలు కావాలంటున్నాడండీ. ఒకమ్మాయి పండగలా ఉందక్కా అని రాసింది." ఆదివారం కూర్చుని అన్నీ కలిపి లెక్కేద్దామనుకున్నాం.

శనివారం పొద్దున్న సైటు తెరుచుకోలేదు. మీ అకౌంటును పరిమితం చేశాం, మీరెవరో రుజువు చూపండి అని ఒక తెర వచ్చింది. పాస్‌పోర్టు ఫొటో తీసి పంపాం. రెండ్రోజులకు జవాబు: ప్రొఫైల్‌లోని పేరూ గుర్తింపు పత్రంలోని పేరూ కలవడం లేదు.

"ఎలా కలుస్తాయి," అంది మా ఆవిడ. "అది షాపు. ఇది నేను."

షాపు రిజిస్ట్రేషను కాగితం పంపాం. ఈ సైటులో ప్రొఫైల్ నిజమైన వ్యక్తికే ఉండాలని జవాబు. పేరు మార్చుకుంటాం, లోపలికి రానివ్వండి అని రాశాం. ధన్యవాదాలు, పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు అని జవాబు. ప్రతి జవాబు కింద ఒక కొత్త పేరు ఉండేది. లోపల మనిషి ఉన్నాడో యంత్రం ఉందో తెలియదు. పోనీ పరిచయాల జాబితా అయినా ఇవ్వండి అన్నాం. దానికి జవాబే రాలేదు.

శుక్రవారం తమ్ముడు వచ్చాడు. ముందే చెప్పానుగా అంటాడేమో అనుకున్నాను. పాపం, అనలేదు. కౌంటరు దగ్గర నిలబడి ఫోను చూస్తూ మాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"బావగారూ, ఇగ పేజీ పెట్టుడే. కానీ పాతది పేజీగ మారదు. ఆ వెయ్యిమందిని దీన్లకు తోలుడు కూడా ఉండదు."

"పేజీ ఎవరు తెరవాలి?"

"ఒక మనిషి ప్రొఫైల్ ఉండాలె. ఆ మనిషే తెరవాలె. అక్క ఇయ్యాల కొత్త ప్రొఫైల్ చేస్తే దానికి వెంటనే తెరవనియ్యదు, కొంచెం పాతగావాలె, నలుగురు తెలిసినోళ్ళు ఉండాలె. మీకుంది గదా?"

నాకుంది. గోడౌన్‌లో చేరినప్పుడు ఎవరో తెరిపించింది. దాని ద్వారా నేను షాపు పేరుతో కంపెనీ పేజీ తెరిచాను. ఈ దేశంలో వ్యాపారం పేజీకి ఇంప్రెసుమ్ ఉండాలి, అంటే యజమాని పేరు, చిరునామా బయటికి కనబడాలి. అదీ పెట్టాను. అలా మా ఆవిడ అసలు పేరు మొదటిసారి షాపు పేరు పక్కన అచ్చయింది. దాన్ని నొక్కి చూసేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

పేజీని ఫాలో అవ్వమని పిలవడానికి ఒక మీట ఉంది. కానీ పిలవగలిగేది నా పరిచయస్తుల్నే. నా పరిచయస్తులు ముప్ఫై చిల్లర. అందరూ గోడౌన్ మనుషులు, పోలండు వాళ్ళు, టర్కీ వాళ్ళు, ఫోర్క్‌లిఫ్టు నడిపే ఒక క్రొయేషియా పెద్దాయన. మంచివాళ్ళు, పిలవగానే వచ్చారు. గోంగూర అంటే ఏమిటో తెలియని ఇరవై మంది మా పేజీని ఫాలో అయ్యారు. ఫోర్క్‌లిఫ్టాయన గోంగూర పోస్టుకు చప్పట్ల బొమ్మ కూడా పెట్టాడు.

మా ఆవిడ తన సొంత పేరుతో కొత్త ప్రొఫైల్ చేసుకుంది. ఈసారి బోర్డు కాదు, తన ఫొటో. అదీ ఆమె ఒప్పుకోవడానికి గంట పట్టింది. రోజుకు ఐదారు రిక్వెస్టుల కంటే ఎక్కువ పంపొద్దని నేనే అన్నాను. మళ్ళీ మూసేస్తారని భయం. పంపిన చోటల్లా మౌనం. రెండు వారాలకు ఒప్పుకున్నవాళ్ళు పదకొండుమంది.

"అక్కా, మీ రిక్వెస్ట్ రాలేదే నాకు," అన్నాడు తమ్ముడు ఆ శుక్రవారం.

"నీకే మొదట పంపాను."

అతను ఫోను తీసి పైకీ కిందికీ జరిపి చూశాడు. ముఖం మాడిపోయింది. "అయ్యో. గిది మీరా? ఎవరో రిక్రూటర్ అనుకొని ఇగ్నోర్ కొట్టిన అక్కా."

"ఫొటో ఉంది కదా."

"గింత చిన్న గుండ్రంల ఏం కనబడ్తది! పేరు చూసిన. పేరు తెల్వదు."

మూడేళ్ళుగా వారం వారం పెరుగూ పచ్చిమిరపకాయలూ తీసుకెళ్ళే మనిషి. మా ఆవిడ నవ్వింది. నవ్వి, వెనకగదిలోకి వెళ్ళి పప్పు బస్తాలు సర్దింది. అవి పొద్దున్నే సర్దినవి.

నాకు ఎక్కువ గుబులు క్యాంటీను గురించి. ఇరవైఐదు కట్టలు ఒక్కచోట. ఆ కొనుగోళ్ళావిడతో మాటలన్నీ మూసేసిన అకౌంటులోనే ఉన్నాయి. ఫోను నంబరు ఇంకా తీసుకోలేదు. ఆవిడ మొదటి పేరు ఒక్కటే మా ఆవిడకు గుర్తుంది. ఇంటిపేరు పొడుగ్గా ఏదో ఉండేదట. ఒకరోజు నేను పనికి సెలవు పెట్టాను, ఇద్దరం ఆ ఆఫీసుకు వెళ్ళాం. అద్దాల హాలు, రిసెప్షన్‌లో ఒక అబ్బాయి.

"ఎవరిని కలవాలి? ముందుగా టెర్మిన్ తీసుకున్నారా?"

మా ఆవిడ మొదటి పేరు చెప్పింది.

"ఆ పేరుతో ఈ భవనంలో చాలామంది ఉన్నారండీ. ఇంటిపేరు?"

"క్యాంటీనులో కొంటుంది."

"క్యాంటీను మా కంపెనీది కాదు. బయటి సంస్థ నడుపుతుంది. వాళ్ళ కొనుగోళ్ళ ఆఫీసు ఈ ఊళ్ళో లేదు. వాళ్ళకు మెయిలు రాయండి."

"వంటాయన్ని ఒక్కసారి పిలవగలరా? మా తెలుగాయన."

"పాస్ లేకుండా లోపలికి పంపలేను. క్షమించండి." నిజంగానే క్షమించమన్నట్టు అన్నాడు. మమ్మల్ని నీళ్ళు తాగమని సీసాలు కూడా చూపించాడు. మేము మా షాపు కార్డు ఇచ్చి, వంటగదికి చేర్చమని చెప్పి వచ్చేశాం. బయటి సంస్థకు మెయిలు రాశాం. సరఫరాదారులుగా నమోదు చేసుకోవడానికి ఒక లింకు పంపారు. అందులో అడిగిన సర్టిఫికెట్లలో సగం పేర్లు నేను వినను కూడా వినలేదు. ఆ ఆవిడ మనిషిలా మాట్లాడింది, మనిషిలా కనబడిన ఒక ప్రొఫైల్‌తో. ఇప్పుడు మేమొక సంస్థ, వాళ్ళొక సంస్థ.

ఈస్టర్ దగ్గరపడింది. నా చేతిలో ఉన్నది ముప్ఫైఎనిమిది, కొత్త ప్రొఫైల్ ద్వారా ఇంకో మూడు. రోజూ సాయంత్రం వచ్చి మా ఆవిడ ముఖం చూసేవాణ్ణి. ఆమె తల అడ్డంగా ఊపేది. పచ్చళ్ళు పెట్టి అమ్ముదామా, మిగిలిన కట్టలు మనమే తీసుకుందామా అని అడిగింది. వారానికి నలభైతొమ్మిది కట్టలు, రెండ్రోజుల్లో వాడిపోయే ఆకు. పచ్చడి పెట్టి అమ్మాలంటే వంటగదికి అనుమతులు వేరే. వద్దన్నాను. ఆమె నాతో వాదించలేదు. వాదించి ఉంటే బావుండేది.

పెద్దాయన నంబరు మా దగ్గర ఉంది. అయినా ఫోనులో చెప్పలేక ఇద్దరం వెళ్ళాం. ఆయన మట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎన్ని?" అన్నాడు.

"నలభైఒకటి," అన్నాను.

ఆయన మనసులో లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. నేనైనా అదే లెక్క వేస్తాను, అదే జవాబుకు వస్తాను.

"మీ కంపెనీలో ఏమైనా ఇబ్బందా?" అన్నాడు. "సైటులో మీరు కనబడటం లేదు. నా కొడుకు చూసి చెప్పాడు."

జరిగింది మా ఆవిడ తనకొచ్చిన జర్మన్‌లో చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. కానీ మనిషి తన పేరు రాయాల్సిన చోట షాపు పేరు ఎందుకు రాస్తుందో ఆయనకు అర్థం కాలేదు. "మీకు పేరుంది కదా," అన్నాడు, తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలియక. మా ఆవిడ నావైపు తిరిగింది. నేను చెబుదామనుకున్నాను. సైకిల్ షాపు బాబాయిని జర్మన్‌లోకి ఎలా తేవాలో నాకూ తెలియలేదు.

"ఈ ఏడాదికి దోసకాయలు వేస్తాను," అన్నాడు ఆయన. "వచ్చే ఏడాది చూద్దాం. నా మోకాళ్ళు బావుంటే."

మే నెల చివర్లో గోంగూర కోసం జనం రావడం మొదలైంది. ముందు ఒక జంట వచ్చారు, చేతిలో గుడ్డ సంచి. "అక్కా, మేము మెసేజ్‌లో రెండు కట్టలు చెప్పాం కదా, గోంగూర వచ్చిందా?" రాలేదని మా ఆవిడ చెప్పింది. తర్వాతి వారం ఇంకో అబ్బాయి, మూడు కట్టలు. తర్వాత ఒక తల్లీ కూతురూ. కూతురు జర్మన్‌లోనే మాట్లాడుతుంది, గోంగూర అన్న ఒక్క మాట మాత్రం తెలుగులో అంది. నేను ఎవరినీ అడగలేదు, వాళ్ళే చెప్పేవాళ్ళు, నేను మనసులో కలుపుకుంటూ పోయేవాణ్ణి. వద్దనుకున్నా ఆగేది కాదు. జులై మధ్యకు ఇరవైఏడు దాటింది. క్యాంటీను ఇరవైఐదూ, ముందటి ముప్ఫైఎనిమిదీ వేసుకుంటే తొంభై. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు.

ఆగస్టులో ఒకామె వచ్చింది. ఉద్యోగానికి కొత్తగా వచ్చిందట, గోదావరి వైపు మాట. లోపలికి వచ్చి అరలు, ఫ్రీజరు, మమ్మల్ని ఒకసారి చూసి, "తెరిచే ఉందాండీ!" అంది.

"ఎందుకమ్మా, ఎప్పుడూ తెరిచే ఉంది," అంది మా ఆవిడ.

"మూసేశారనుకున్నామండీ. మా ఫ్లాటులో నలుగురమూ అదే అనుకున్నాం. ఇదిగో చూడండి."

ఫోను తిప్పి చూపించింది. మా ఆవిడతో ఆమె మాట్లాడిన మాటలు అలాగే ఉన్నాయి. నాలుగు కట్టలు కావాలన్న మాట కూడా ఉంది. పైన షాపు పేరు లేదు. బోర్డు ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ, పక్కన సభ్యుడు అని ఒక్క మాట. ఏ పేరూ లేదు.

మా ఆవిడ ఆ ఫోను చేతిలోకి తీసుకుని తను రాసిన వాక్యాలన్నీ కిందిదాకా చదువుకుంది. ఆరు నెలల తర్వాత వాటిని చూడటం అదే మొదటిసారి. ఒకచోట ఆగి, "ఇక్కడ మా ఆయన లెక్కేస్తున్నారు, ఆదివారం చెబుతాను అని రాశాను," అంది.

"అవునండీ. ఆదివారం చూశాం. ఏమీ రాలేదు, పేరు కూడా పోయింది."

మా ఆవిడ ఫోను తిరిగి ఇచ్చేసింది. ఫ్రీజరులోంచి గోంగూర పొట్లం తీసి కౌంటరు మీద పెట్టింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది మా దగ్గర ఉందండీ అని మెల్లగా పక్కకు జరిపింది. తర్వాత బుట్టలో ఉన్న దోసకాయలు చూపించి, ఇవి పప్పులోకి పనికొస్తాయా అని అడిగింది. పెద్దాయన గ్రీన్‌హౌసువే. పొడుగ్గా, ముదురాకుపచ్చగా, నీళ్ళతో నిండి ఉంటాయి.

"పనికిరావమ్మా," అంది మా ఆవిడ. "ముక్కలు కోసుకుని తినడానికే."

ఆమె రెండు తీసుకుంది. నేను మనసులో నాలుగు కలుపుకున్నాను.